ఆవులిస్తే నాన్నగారి పడిపోయిన చెయ్యి పైకి లేస్తోంది. అంతకుముందు మూడు రోజులు ఎక్కిళ్ళు. రెండింటికీ దారి ఒకటేనా?

సుజాత_బ్రాడీపేట · గుంటూరు · ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై ఆరేళ్ళు. ఐదు వారాల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు ఇప్పుడు కొద్దికొద్దిగా కదులుతోంది. చెయ్యి మాత్రం అసలు కదలడం లేదు. వేళ్ళు ముడవమంటే పళ్ళు బిగించి ప్రయత్నిస్తారు, వేళ్ళలో చలనం కనిపించదు.

నిన్న పొద్దున ఆయనకు కాఫీ పట్టించి పక్కనే కూర్చున్నాను. ఆయన పెద్దగా ఆవులించారు. నోరు తెరుచుకుంటూ ఉండగానే ఒడిలో పడి ఉన్న కుడి చెయ్యి మోచేతి దగ్గర మెల్లగా వంగి రొమ్ము దాకా లేచింది. నోరు మూసుకోగానే మళ్ళీ ఒడిలోకి జారిపోయింది. అమ్మ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నాన్నగారు ఆ చేతిని పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూశారు. ఏదీ, మళ్ళీ ఎత్తండి అంటే ఎత్తలేకపోయారు. సాయంత్రంలోగా ఇంకో నాలుగుసార్లు జరిగింది, ప్రతిసారీ ఆవులింతతోనే.

చెయ్యి తిరిగి వస్తోందనడానికి ఇది గుర్తా? ఇంకో సంగతి కూడా అడగాలి. ఆసుపత్రిలో మొదటి వారం ఆయనకు మూడు రోజులు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు. అసలు ఈ ఆవులింతలు, ఎక్కిళ్ళు ఎక్కడి నుంచి పుడతాయి? రెండూ ఒకే చోట జరిగిన దెబ్బ వల్లనా?

గోవింద్_గవర్నరుపేట · విజయవాడ · 8:15

సుజాత గారూ, ఇది కచ్చితంగా మంచి సూచనే. చెయ్యి లేచిందంటే నరం బతికే ఉన్నట్టు. ఆవులింత రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు వస్తుంది. పెద్దగా గాలి పీల్చగానే మెదడుకు ఆక్సిజన్ అంది, దెబ్బతిన్న భాగం ఒక్క క్షణం పనిచేసి ఉంటుంది. రోజూ పొద్దున కిటికీ దగ్గర కూర్చోబెట్టి దీర్ఘంగా శ్వాస తీయించండి. చెయ్యి తొందరగా వస్తుంది.

రాంబాబు_మిర్చియార్డు · గుంటూరు · 8:50

ఎక్కిళ్ళ మాట వచ్చింది కాబట్టి నా బాధ కూడా చెప్పుకుంటాను. కాయలు కోతకు వచ్చే రోజుల్లో యార్డులో బస్తాల మధ్య తిరిగినప్పుడు తుమ్ములే వస్తాయి, ఎక్కిళ్ళు రావు. ఇంటికి వెళ్ళి పండుమిరప పచ్చడితో మొదటి ముద్ద నోట్లో పెట్టగానే ఎక్కిళ్ళు మొదలు. పది నిమిషాలు ఉండి పోతాయి. మా అమ్మ ఎవరో తలుచుకుంటున్నారంటుంది. దీనికి మందు ఉందా?

ఫిజియాలజీ_మాష్టారు · విజయవాడ · 10:05

సుజాత గారూ, వైద్య కళాశాలలో చాలా ఏళ్ళు ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. రోగిని చూడకుండా వైద్యం చెప్పను. ఆ రెండు దారులు ఎలా ఉంటాయో మాత్రం చెప్పగలను. ముందు నాలుగు విషయాలు తెలియాలి.

ఎమ్మారై రిపోర్టులో దెబ్బ ఎక్కడ తగిలిందని రాశారు? ఎక్కిళ్ళు వచ్చిన రోజుల్లో ఆయన నోటితో తింటున్నారా, గొట్టంతోనా? ఆ రోజుల్లో కళ్ళు తిరగడం, గొంతు బొంగురుపోవడం, మింగేటప్పుడు పొలమారడం, ఒక కనురెప్ప వాలిపోవడం లాంటివి కనిపించాయా? ఈ మధ్య కొత్త మందులు ఏవైనా మొదలుపెట్టారా?

గోవింద్ గారూ, నరం బతికే ఉందన్న మాట నిజం. దాని నుంచి చెయ్యి తిరిగి వస్తోందని తీర్మానించడానికి వీల్లేదు. ఆక్సిజన్ సంగతి తరువాత మాట్లాడుకుందాం.

సుజాత_బ్రాడీపేట · 11:30

రిపోర్టు తీసి చూశాను మాష్టారూ. ఎడమ వైపు ఇంటర్నల్ క్యాప్సూల్ అని రాసి ఉంది. గొంతు, కళ్ళు బాగానే ఉన్నాయి. మొదటి వారం మాట తడబడుతోందని, మింగడం పరీక్షించేదాకా నోటితో పెట్టవద్దని రైల్స్ ట్యూబు వేశారు. రెండు గంటలకొకసారి జావ, పాలు సిరంజితో పోసేవాళ్ళం. ఇప్పుడు మామూలుగానే తింటున్నారు.

మందుల్లో కొత్తది ఒకటే. దిగులుగా ఉంటున్నారని పది రోజుల క్రితం ఒక మాత్ర మొదలుపెట్టారు. మీరు అడిగాక గుర్తొచ్చింది, ఆవులింతలు ఎక్కువైంది కూడా ఇంచుమించు అప్పటి నుంచే.

ఫిజియాలజీ_మాష్టారు · 1:20

చాలా పనికొచ్చే వివరాలు ఇచ్చారమ్మా. ముందు చెయ్యి సంగతి చూద్దాం.

మనం చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు ఆజ్ఞ మెదడు పై పొరలో పుట్టి, ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులోంచి కిందికి దిగి, వెన్నుపాములోని నాడీకణాలను చేరుతుంది. అవి కండను లాగుతాయి. మీ నాన్నగారికి తెగింది ఆ సందు దగ్గరి తీగలే. వెన్నుపాములోని కణాలు, అక్కడి నుంచి చేతికి వెళ్ళే నరాలు, కండ అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పై నుంచి వచ్చే కబురు మాత్రమే ఆగిపోయింది.

ఆవులింత ఆ సందు గుండా రాదు. దాని పుట్టుక మెదడు అడుగున, హైపోథలామస్‌లోని పారావెంట్రిక్యులర్ అనే చిన్న కేంద్రం దగ్గర. డోపమైన్, ఆక్సిటోసిన్ అనే రసాయనాలు అక్కడ దాన్ని రేపుతాయి. అక్కడి నుంచి కబురు మెదడు కాండానికి దిగుతుంది. దవడను తెరిచే కండలు, నాలుక, ముఖం, గొంతు, రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండ పొర, పక్కటెముకల కండలు ఒక వరుసలో బిగుసుకుని ఒక వరుసలో సడలుతాయి. ఒక్కసారి మొదలైతే మధ్యలో ఆపడం కష్టం. మోకాలి చిప్ప కింద సుత్తితో కొడితే కాలు ఎగిరేలాంటి చిన్న ప్రతిక్రియ కాదిది, ముందే రాసి పెట్టుకున్న పెద్ద వరుస. పై మెదడు ఏర్పడకుండా పుట్టిన శిశువులు కూడా ఆవులిస్తారు. నోరు తెరవమంటే తెరవలేని కొందరు పక్షవాత రోగులు ఆవులింత వచ్చినప్పుడు పూర్తిగా నోరు తెరుస్తారు. ఆ దారి పాతది, కిందిది, వేరేది.

ఇక ఆ పాత దారిలో వెళ్తున్న ప్రేరణ చేతి కణాలకు ఎలా పాకింది? ఫ్రాన్స్‌లో ఒలివియే వాలుసిన్‌స్కీ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2005లో సరిగ్గా ఇలాంటి రోగులను గమనించి ఈ లక్షణానికి పారాకినీసియా బ్రాకియాలిస్ ఆసిటాన్స్ అని పేరుపెట్టారు. పడిపోయిన చెయ్యి ఆవులింతతో పాటు లేచి, అది అయిపోగానే వాలిపోతుంది. మీరు నిన్న పొద్దున చూసి రాసిందీ అదే. పై మెదడు అదుపు తప్పినందువల్ల, శ్వాసకూ చేతి కదలికకూ ఉన్న పాత బంధం పైకి తేలిందని వారి ఆలోచన. అది ఆలోచనే, రుజువు కాదు.

అందువల్ల దీన్ని చెయ్యి తిరిగి రావడానికి గుర్తుగా తీసుకోవద్దు, రాదనడానికి గుర్తుగానూ తీసుకోవద్దు. కోలుకోవడాన్ని కొలిచేది ఒకటే. అడిగినప్పుడు, ఆవులింత లేనప్పుడు, ఏదైనా ఒక వేలు కదిలిందా అన్నది.

గోవింద్_గవర్నరుపేట · 2:10

మాష్టారూ, చెయ్యి గురించి నా తొందరపాటు ఒప్పుకుంటాను. ఆక్సిజన్ మాట మాత్రం పాఠ్యపుస్తకంలోనే చదివాను. తలుపులు మూసిన గదిలో, జనం ఎక్కువ ఉన్న చోట అందరూ ఆవులిస్తారు కదా.

ఫిజియాలజీ_మాష్టారు · 2:45

నేను కూడా చాలాకాలం అలాగే పాఠం చెప్పాను. 1987లో అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ దీన్ని నేరుగా పరీక్షించాడు. విద్యార్థులతో కాసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్, కాసేపు మామూలు గాలి, కాసేపు కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే ఎన్నో రెట్లు కలిపిన గాలి పీల్పించాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు శ్వాస వేగం పెరిగింది. ఆవులింతల సంఖ్య మారలేదు. ఆక్సిజన్ నిండుగా ఇచ్చినా తగ్గలేదు. మీరన్న సిద్ధాంతం నిజమైతే మొదటిదానితో ఆవులింతలు పెరగాలి, రెండోదానితో తగ్గాలి. మూసిన గదిలో ఆవులింతలకు నిద్రమత్తు, విసుగు, పక్కవాడి ఆవులింత చాలు. గర్భంలోని శిశువు కూడా ఆవులిస్తుంది, అక్కడ పీల్చడానికి గాలే లేదు.

నిహారిక_తాడేపల్లి · 3:30

మాష్టారు గారూ, గర్భం మాట అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు ఇప్పుడు ఏడో నెల. రాత్రి పడుకోగానే పొట్టలో ఒకే చోట గడియారంలా టక్ టక్ అని కొట్టుకుంటోంది, పది నిమిషాల దాకా. డాక్టరు గారు బిడ్డకు ఎక్కిళ్ళు అన్నారు. నేను ఈ మధ్య బాగా ఆవులిస్తున్నాను. నా ఆవులింతలు బిడ్డకు అంటుకుని ఎక్కిళ్ళుగా మారుతున్నాయా? పుట్టాక నుదుటి మీద తడి దారం పెట్టాలని అత్తయ్యగారు ఇప్పుడే చెబుతున్నారు.

జంతుశాస్త్రం_రఫీ · గుంటూరు · 4:10

నిహారిక గారూ, మీ ఆవులింతలకూ బిడ్డ ఎక్కిళ్ళకూ సంబంధం లేదు. ఆవులింత అంటుకోవాలంటే ఎదుటివాళ్ళది చూడాలి లేదా వినాలి. పిల్లలకు కూడా నాలుగైదేళ్ళు వచ్చేదాకా అంతగా అంటుకోదు. గర్భంలో ఎక్కిళ్ళు మాత్రం చాలా ముందే మొదలవుతాయి, సుమారు తొమ్మిదో వారం నుంచే. అప్పటికి శ్వాస కదలికలు కూడా సరిగా మొదలుకావు.

నేను ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్న ఎప్పుడూ నన్ను వదలదు. పాలు తాగని, గాలి పీల్చని పిండానికి ఎక్కిళ్ళతో ఏం పని?

2003లో పారిస్‌లో క్రిస్టియాన్ స్ట్రాస్, సహచరులు ఒక ఊహ చేశారు. తోకకప్పను తలుచుకోండి. అది నోటి నిండా నీళ్ళు తీసుకుని, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కంఠబిలాన్ని మూసి, మొప్పల మీదుగా బయటికి తోస్తుంది. లోపలికి పీల్చే కదలిక, వెంటనే గొంతు మూత. ఎక్కిలి కూడా అదే కదా. ఇంకో పోలిక కూడా వారు చూపించారు. తోకకప్ప మొప్పల శ్వాస కార్బన్ డయాక్సైడ్ పెరిగితే తగ్గుతుంది, బాక్లోఫెన్ అనే మందుతోనూ తగ్గుతుంది. మన ఎక్కిళ్ళు కూడా ఊపిరి బిగపడితే తగ్గుతాయి, మొండి ఎక్కిళ్ళకు డాక్టర్లు ఇచ్చే మందుల్లో బాక్లోఫెన్ ఒకటి. నాకు ఇది చాలా నచ్చిన సిద్ధాంతం. మన మెదడు కాండంలో ఇంకా ఒక కప్ప ఊపిరి తీస్తోందన్నమాట!

ఫిజియాలజీ_మాష్టారు · 5:00

రఫీ గారూ, పోలిక అందంగా ఉంది, కానీ నాకు పూర్తిగా మింగుడుపడదు. పనికిరాని కదలికను పరిణామం అన్ని కోట్ల ఏళ్ళు ఎందుకు దాచుకుంటుంది? పైగా కప్పలకు, బల్లులకు, పక్షులకు ఎక్కిళ్ళు లేవు, క్షీరదాలకే ఉన్నాయి. 2012లో కెనడాలో డేనియల్ హౌస్ దీన్నే పట్టుకుని ఇంకో మాట అన్నాడు. పాలు తాగే పిల్ల పాలతో పాటు గాలి కూడా మింగుతుంది. ఆ గాలి బుడగ పొట్టలో చోటు తినేస్తుంది. గొంతు మూసి ఉంచి డయాఫ్రం ఒక్కసారి కిందికి లాగితే రొమ్ములో ఒత్తిడి పడిపోతుంది, పొట్టలోని గాలి అన్నవాహికలోకి ఎక్కుతుంది, తేనుపుగా పోతుంది. పాలకు చోటు దొరుకుతుంది. పొట్ట ఉబ్బితే ఎక్కిళ్ళు రావడం, పెద్దవాళ్ళ కంటే పసివాళ్ళకు ఎక్కువగా రావడం దీనికి సరిపోతాయి.

జంతుశాస్త్రం_రఫీ · 5:20

మరి తొమ్మిది వారాల పిండం పొట్టలో గాలి ఎక్కడిది మాష్టారూ? అదే ఈ సిద్ధాంతానికి అడ్డు. ముందే సాధన చేస్తోందని అనవచ్చు. అలా అనేటట్టయితే దేన్నయినా సాధన అనవచ్చు.

ఫిజియాలజీ_మాష్టారు · 5:45

ఆ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి దగ్గరగా వచ్చే ఆధారం ఒకటి ఉంది. 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో కింబర్లీ వైట్‌హెడ్ బృందం, ఎక్కిళ్ళు వస్తున్న పదమూడు మంది పసికందుల తల మీద మెదడు తరంగాలు కొలిచింది. ప్రతి ఎక్కిలికీ పై మెదడులో వరుసగా తరంగాలు లేచాయి. డయాఫ్రం ఎక్కడుందో, ఎలా కదులుతుందో మెదడు అలా నేర్చుకుంటోందేమోనని వారి అభిప్రాయం. తరంగాలు లేచాయన్నది చూసిన సంగతి, నేర్చుకుంటోందన్నది వారి అర్థం. ఈ వాదన మన ఇద్దరి మధ్య ఈరోజు తేలదు.

సుజాత గారూ, మీ ఎక్కిళ్ళ ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. రాత్రికి రాస్తాను.

ఫిజియాలజీ_మాష్టారు · రాత్రి 9:10

ఎక్కిలికి చుట్టుదారి ఒకటి ఉంది, దాన్ని ఒక వైపు నుంచి నడుచుకుంటూ వెళ్దాం.

పొట్ట ఉబ్బిందనుకోండి, లేదా అన్నవాహిక అడుగు మండిందనుకోండి. ఆ కబురు ప్రధానంగా మెదడు కాండం నుంచి పొట్ట దాకా దిగే వేగస్ అనే నరం వెంట పైకి వెళ్తుంది. డయాఫ్రం నుంచి ఫ్రెనిక్ నరం, పొట్ట చుట్టుపక్కల నుంచి సానుభూత నరాలు కూడా కబురు మోస్తాయి. ఇవన్నీ మెదడు కాండం అడుగున, శ్వాస కేంద్రాల పక్కన కలుస్తాయి. అక్కడి నుంచి తిరుగు ఆజ్ఞ ఫ్రెనిక్ నరం వెంట డయాఫ్రానికి దిగుతుంది, అది ఉలిక్కిపడ్డట్టు ముడుచుకుంటుంది. సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు ఆలస్యంగా, వేగస్ కొమ్మ ఒకటి కంఠబిలాన్ని టపీమని మూసేస్తుంది. మనకు వినిపించే శబ్దం ఆ మూతది. మూయడం వల్లే లోపలికి గాలి దాదాపుగా వెళ్ళదు. మెడ దగ్గర రంధ్రం పెట్టి గొట్టం వేసిన రోగులకు ఆ మూత అడ్డుపడదు కాబట్టి, వాళ్ళకు ఎక్కిళ్ళు పట్టుకుంటే ప్రతి ఎక్కిలితోనూ గాలి లోపలికి పోయి శ్వాస అతిగా జరుగుతుంది.

ఈ చుట్టులో ఎక్కడ గిల్లినా ఎక్కిలి రావచ్చు. చెవి లోపలి గోడకు కూడా వేగస్ కొమ్మ ఒకటి వెళ్తుంది. కర్ణభేరికి ఆనుకున్న చిన్న వెంట్రుక వల్ల ఎక్కిళ్ళు పట్టుకుని, దాన్ని తీయగానే ఆగిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మెదడు కాండం అడుగున పక్షవాతం వచ్చినా ఎక్కిళ్ళు వస్తాయి. అందుకే గొంతు, మింగడం, కనురెప్ప గురించి అడిగాను. అవి కూడా కలిసి ఉంటే కేంద్రం దగ్గరే దెబ్బ అని అనుమానించాలి. మీ నాన్నగారికి అవేవీ లేవు, రిపోర్టులో దెబ్బ అంతకంటే చాలా పైన ఉంది.

ఇక మిగిలింది పొట్ట వైపు. గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఎక్కిళ్ళు రోజంతా ఒకేలా ఉండేవా, సిరంజితో పోసిన తరువాత ఎక్కువయ్యేవా? ఆయన అప్పుడు వెల్లకిలా పడుకుని ఉండేవారా?

సుజాత_బ్రాడీపేట · రాత్రి 9:50

అమ్మనడిగాను. పోసిన ఐదు పది నిమిషాలకు ఎక్కిళ్ళు మొదలయ్యేవి, తరువాతి వంతు దగ్గరపడేసరికి పలచబడేవి. మొదటి రెండు రోజులూ వెల్లకిలానే ఉన్నారు. తొందరగా అయిపోవాలని నేను సిరంజి పిడిని నొక్కి పోసేదాన్ని. మూడో రోజు ఒక నర్సమ్మ చూసి మంచం తలవైపు ఎత్తించి, నొక్కకుండా సిరంజిని పైకెత్తి పట్టుకుని దానంతట అది దిగనివ్వాలని చూపించింది. ఆ రోజు రాత్రికి తగ్గాయి. ఆ నర్సమ్మ చెప్పినప్పుడు ఎక్కిళ్ళ కోసమని అనుకోలేదు, పొలమారకుండా ఉండటానికి అనుకున్నాను.

ఫిజియాలజీ_మాష్టారు · రాత్రి 10:15

ఆమె రెండింటికీ మేలు చేసింది. పోతతో పాటు పెరిగి, పోత మధ్య తగ్గి, పోసే పద్ధతి మార్చగానే ఆగాయి. మెదడు కేంద్రం దెబ్బతిని వచ్చిన ఎక్కిలి సాధారణంగా పొట్ట వేళలు చూసుకోదు. గొట్టం గొంతుకు, అన్నవాహికకు రాసుకుని కొంత రేపి ఉండవచ్చు, దాన్ని కాదనలేను. కానీ బలమైన కారణం ఉబ్బిన పొట్టే అనిపిస్తోంది. మీరు మీ మీద నేరం వేసుకోకండి, ఎవరూ చూపించనిదే ఎవరికీ తెలియదు. ఇకముందు ఎప్పుడైనా రెండు రోజులు దాటి ఎక్కిళ్ళు ఉంటే ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి. రెండు రోజులు దాటితే కారణం వెతకాలన్నది వైద్యుల లెక్క.

దిగులుకు ఇచ్చే మాత్రల్లో సెరటోనిన్‌ను పెంచే రకం ఉంటుంది. ఆ రకంతో ఆవులింతలు పెరగడం తెలిసిన సంగతే. మీది ఆ రకమో కాదో డాక్టరు చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.

రాంబాబు గారూ, మిరపలోని కాప్సైసిన్ అన్నవాహికను రేపుతుంది, కబురు అదే వేగస్ వెంట పోతుంది. పది నిమిషాలకు పోయేదానికి మందు అవసరం లేదు. 1971లో ఎంగిల్‌మన్ అనే వైద్యుడు ఒక చెంచా పంచదార పొడిగా మింగించి చూశాడు, ఇరవై మందిలో పంతొమ్మిది మందికి ఆగాయి. పంచదార ఇవ్వని వాళ్ళతో పోల్చలేదు కాబట్టి దాన్ని రుజువుగా చెప్పను. గొంతు వెనుక గరుకుగా తగలడం ఆ చుట్టుదారిని తెంచుతుందని ఒక ఊహ.

రాంబాబు_మిర్చియార్డు · రాత్రి 10:30

మా తమ్ముడికి చక్కెర జబ్బు ఉంది మాష్టారూ, వాడికీ ఇవే ఎక్కిళ్ళు. వాడు పంచదార మింగకూడదు కదా?

ఫిజియాలజీ_మాష్టారు · రాత్రి 10:40

వద్దు. చన్నీళ్ళు ఆపకుండా గుక్కలుగా తాగి, కాసేపు ఊపిరి బిగపట్టి చూడమనండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఎక్కిళ్ళు ఎక్కువకాలం ఉంటే మూత్రపిండాల పరీక్ష కూడా చేయించాలి.

కదలిక_లక్ష్మి · విజయవాడ · సోమవారం ఉదయం 6:50

నేను పక్షవాతం వచ్చినవాళ్ళ దగ్గర పనిచేసే ఫిజియోథెరపిస్టును. బెంజిసర్కిల్ దగ్గర ఉంటాను. ఈ చెయ్యి లేవడం నేను కొద్దిమందిలో చూశాను. మాష్టారు చెప్పిందానికి రెండు మాటలు కలుపుతాను.

సుజాత గారూ, నాన్నగారి ఒడిలో వేడి కాఫీ పెట్టకండి. చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఆయనకే తెలియదు. లేచినప్పుడు సంబరంతో పట్టుకుని ఇంకా పైకి లాగవద్దు. పడిపోయిన భుజంలో కండలు వదులుగా ఉండి కీలు జారే స్థితిలో ఉంటుంది, ఒక్క లాగుడుతో నెలల తరబడి నొప్పి మిగులుతుంది. మోచేతి కింద దిండు పెట్టండి, దానంతట అది లేచి దానంతట అది వాలనివ్వండి.

రెండో మాటలో మాష్టారితో నాకు కొంచెం తేడా ఉంది. ఆయన కొలతకు పనికిరాదన్నారు, అది నిజమే. కానీ రోగికి తన చెయ్యి కదలడం కళ్ళారా కనిపించినప్పుడు, కండ బతికే ఉందని ఆయనకు నమ్మకం కలుగుతుంది. వ్యాయామం దగ్గర మొండికేసేవాళ్ళు కూడా ఆ తరువాత సహకరించడం చూశాను.

ఫిజియాలజీ_మాష్టారు · 8:00

లక్ష్మి గారి మాట ఒప్పుకుంటున్నాను. నా భయం ఒకటే. పది రోజుల తరువాత చెయ్యి ఇంకా అడిగినప్పుడు కదలకపోతే ఆ నమ్మకం అంతే వేగంగా కూలుతుంది. అందుకే ముందే నిజం చెప్పి ఉంచాలి.

సుజాత గారూ, ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నాన్నగారిని దొంగ ఆవులింత తీయమనండి, అంటే రాకపోయినా నోరు పెద్దగా తెరిచి గాలి పీల్చమనండి. చెయ్యి లేస్తుందో లేదో చూడండి. దొంగ ఆవులింత పై మెదడు నుంచి కొత్త దారిలో వస్తుంది, అసలు ఆవులింత కింది నుంచి వస్తుంది. నా ఊహ ప్రకారం చెయ్యి లేవకూడదు. ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

గోవింద్_గవర్నరుపేట · 12:40

ఆక్సిజన్ కాకపోతే మరి ఆవులింత ఎందుకు మాష్టారూ? మీరు చెప్పింది ఎలా అన్నది మాత్రమే.

ఫిజియాలజీ_మాష్టారు · 1:30

ఇప్పుడు ఎక్కువగా వినిపించేది మెదడు చల్లబరచడం. 2007 నుంచి ఆండ్రూ గాలప్ ఈ వాదన చేస్తున్నాడు. దవడ సాగడంతో తలకు రక్తం వేగంగా పారుతుంది, పీల్చిన గాలి ఆ రక్తాన్ని చల్లబరుస్తుంది అంటాడు. నుదుటి మీద చల్లటి గుడ్డ పెట్టుకుని ఇతరుల ఆవులింతల వీడియో చూసినవాళ్ళలో సుమారు తొమ్మిది శాతం ఆవులించారు, వెచ్చటి గుడ్డ పెట్టుకున్నవాళ్ళలో నలభై ఒక్క శాతం.

మన ఊరికి సరిగ్గా సరిపోయే ప్రయోగం ఇంకొకటి ఉంది. అమెరికాలోని టూసాన్ ఎడారి నగరం, మన విజయవాడ మే నెలలా మండుతుంది. అక్కడ దారిన పోయే ఎనభై మందికి చలికాలంలో, ఎనభై మందికి ఎండాకాలంలో ఆవులింతల బొమ్మలు చూపించారు. చలికాలంలో నలభై ఐదు శాతం, ఎండాకాలంలో ఇరవై నాలుగు శాతం ఆవులించారు. బయటి గాలి ఒంటి వేడికి సమానమైనప్పుడు దాన్ని పీలిస్తే చల్లబడేది ఏముంటుంది? ఆస్ట్రియాలోని వియన్నాలో చూస్తే తలకిందులైంది, అక్కడ ఎండాకాలంలోనే ఎక్కువ. వియన్నా ఎండాకాలం సుమారు ఇరవై డిగ్రీలే కాబట్టి అదీ సరిపోయిందంటారు.

రాంబాబు_మిర్చియార్డు · 2:00

నలభై నాలుగు డిగ్రీల ఎండలో, మధ్యాహ్నం భోజనాల వేళ యార్డులో హమాలీలందరూ ఆవులిస్తూనే ఉంటారు మాష్టారూ. నేను రోజూ చూస్తాను.

ఫిజియాలజీ_మాష్టారు · 2:25

మీరు చూసింది తోసిపుచ్చలేను. భోజనం చేశారు, పొద్దుటి నుంచి బస్తాలు మోశారు, నిద్ర కమ్ముకొస్తోంది. నిద్ర బలమైన కారణం, దాని ముందు ఉష్ణోగ్రత లెక్క తేలదు. నిజంగా పరీక్షించాలంటే ఒకే మనుషులను, ఒకే వేళకు, డిసెంబరులోనూ మేలోనూ చూడాలి. చల్లబరచే సిద్ధాంతానికి అసలు చిక్కు కొలతలోనే ఉంది. ఎలుకల మెదడులో ఆవులింతకు ముందు వేడి సుమారు పదో వంతు డిగ్రీ పెరిగి, తరువాత తగ్గింది. అంత చిన్న మార్పు కోసమే ఇంత పెద్ద కదలిక పుట్టిందా, లేక రెండూ మెలకువ మార్పుతో కలిసి వచ్చే తోడులా? మత్తు నుంచి మెలకువకు మారడానికి ఆవులింత తోడ్పడుతుందన్న పాత మాటను నమ్మేవాళ్ళు ఉన్నారు. ఆవులించాక మెదడు తరంగాలు చూసినవాళ్ళకు అలాంటి మెలకువ కనిపించలేదు. నాకు చల్లబరచడం కొంత నిజమనిపిస్తుంది, అదే మొత్తం కారణమంటే ఒప్పుకోను.

సుజాత_బ్రాడీపేట · శుక్రవారం సాయంత్రం 6:15

అందరికీ. నాలుగు రోజులు నోటు పుస్తకంలో రాశాను. ఆవులింతలు మొత్తం ముప్ఫై ఒకటి. పెద్ద ఆవులింతలు పద్ధెనిమిది, వాటిలో పదహారుసార్లు చెయ్యి లేచింది. చిన్నవాటికి ఒక్కసారే, అది కూడా మణికట్టు మాత్రమే.

మాష్టారు చెప్పిన పరీక్ష బుధవారం చేశాము. నాన్నగారు నోరు పెద్దగా తెరిచారు, గాలి పీల్చారు. చెయ్యి దిండు మీద కదలకుండా ఉంది. రెండోసారీ అంతే. మూడోసారి నోరు తెరవగానే అసలు ఆవులింతే వచ్చేసింది, మధ్యలో ఆయన కళ్ళు మూసుకుపోయాయి, నీళ్ళు తిరిగాయి. చెయ్యి అప్పుడు లేచింది. ఒకే నోరు, ఒకే చెయ్యి, తేడా నా కళ్ళ ముందు జరిగింది. ఆయనకు కూడా వీడియో చూపించి రెండు దారుల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత "అయితే చెయ్యి చచ్చిపోలేదన్నమాట" అన్నారు.

డాక్టరు గారు వీడియో చూశారు. మాత్ర అలాగే వాడమన్నారు, మోతాదు రెండు వారాల తరువాత చూస్తామన్నారు.

గోవింద్_గవర్నరుపేట · 6:50

చాలా సంతోషం. ఒక్క ప్రశ్న మిగిలింది. చెయ్యి లేస్తోంది, అదే వైపు కాలు ఎందుకు లేవదు?

ఫిజియాలజీ_మాష్టారు · 7:30

మంచి ప్రశ్న గోవింద్ గారూ. శ్వాస కండల నుంచి, చేతి నుంచి కబుర్లు మెదడు కాండంలో పార్శ్వ రెటిక్యులర్ కేంద్రం దగ్గర కలిసి చిన్న మెదడుకు పోతాయని, ఆ కూడలి వల్లే చేతికి ప్రేరణ పాకుతోందని వాలుసిన్‌స్కీ బృందం ప్రతిపాదించింది. కాలికి ఆ వాటా తక్కువని దాని అర్థం. నన్ను అది పూర్తిగా ఒప్పించలేదు. సుజాత గారూ, ఈసారి నాన్నగారు ఆవులించినప్పుడు చెయ్యి మీదే కాక, కుడి పాదం బొటనవేలి మీద కూడా ఒక కన్ను వేయండి.

సుజాత_బ్రాడీపేట · 7:45

అలాగే మాష్టారూ. రేపటి నుంచి పుస్తకంలో ఇంకో గడి గీస్తాను.